ఖారూ మామ గొంతు

త్రివేణి బొమ్మలకు నడక నేర్పుతుంది. నాందేడ్‌లో వజీరాబాద్ వైపు ఒక మందుల దుకాణం మీది గదిలో, కాలేజీ స్నేహితుడు వికాస్‌తో కలిసి చిన్న స్టూడియో నడిపేది. బొమ్మ గీయడం, దాన్ని కదిలించడం ఆమె పని. శబ్దం, గొంతులు, గిరాకీలతో మాట్లాడటం వికాస్ చూసుకునేవాడు. పెళ్ళి పిలుపుల వీడియోలు, కోచింగ్ సెంటర్ల ప్రకటనలు చేసి చేసి విసిగిపోయిన రోజుల్లో నందకిషోర్ వచ్చాడు.

నందకిషోర్‌ది వేయించిన శనగల దుకాణం. తాత నాటి వ్యాపారాన్ని ప్యాకెట్లలోకి మార్చి భోకర్ దాకా, కిన్వట్ దాకా పంపాలని అతని ఉత్సాహం. ప్యాకెట్ మీదా, ఫోన్లోనూ, దుకాణం ముందు పెట్టబోయే తెర మీదా ఒకటే బొమ్మ కనబడాలన్నాడు. "పిల్లలు పేరు పెట్టి పిలవాలి. పెద్దలు నమ్మాలి," అని మరాఠీలో చెప్పాడు.

త్రివేణి ఉడుతను ఎంచుకుంది. మరాఠీలో ఉడుతను ఖార్ అంటారు, ఉప్పు శనగలను ఖారే అంటారు. అందుకని పేరు ఖారూ మామ అని పెట్టింది. పేరు తేలిగ్గానే దొరికింది గానీ మనిషి దొరకలేదు. ఎన్ని గీసినా అన్నీ ఒకటే రకం ఉడుతలు. పెద్ద కళ్ళు, ఊరికే ఎగిరే ఒళ్ళు, ఎవరైనా కావచ్చు, ఎవరూ కాదు.

ఒక సాయంత్రం ఇంట్లో తండ్రి అనంతరాములు కూర గిన్నె దగ్గరికి రావడం చూసింది. ఆయన గూడ్సు రైలు గార్డుగా పని చేసి రిటైర్ అయినవాడు. ఊగే పెట్టెలో ఏళ్ళ తరబడి నిలబడ్డ కాళ్ళు కాబట్టి, నేల మీద కూడా ఒక కాలు మోపి, క్షణం ఆగి, నేల కదలడం లేదని నమ్మకం కుదిరాకే రెండో కాలు వేస్తాడు. త్రివేణి కూరలో ఉప్పెక్కువైందేమో అనబోతే, ఆయన ఎప్పుడూ అనే మాటే అన్నాడు.

"ముందు రుచి చూడు బిడ్డా. తర్వాత మాట్లాడు."

త్రివేణి ఆ రోజే ఖారూ మామను కొత్తగా గీసింది. కాస్త బొజ్జ, కనుబొమల్లో తెలుపు, తొందరలేని చూపు. ఆ మాటే మరాఠీలో అతని ఊతపదమైంది. "ఆధీ చాఖా, మగ్ బోలా."

ఆ బొమ్మ ఎట్లాంటివాడో కూడా ఆమె నందకిషోర్‌కు కూర్చోబెట్టి చెప్పింది. ఖారూ మామ తిండి దగ్గర ఓపికగా ఉంటాడు. పిల్లలకు తన చేతిలోది ఇస్తాడు. గొప్పలు చెప్పడు. ఎవరినీ ఎగతాళి చేయడు, ఇంకో దుకాణం ఊసు ఎత్తడు. నందకిషోర్ తలూపి, "అట్లాంటి మామ ప్రతి ఇంట్లో ఒకడుంటాడు," అన్నాడు. వికాస్ పక్కనే ఉన్నాడు.

గొంతు కోసం ఎవరెవరినో విన్నారు. చివరికి వికాసే అన్నాడు.

"అనంతరాములు బాపునే అడుగుదాం. ఆయన మరాఠీల మన తెలుగు ఊగుతది. గట్లాంటి గొంతు పైసలిచ్చినా దొరకది."

అనంతరాములు మొదట సిగ్గుపడ్డాడు. "నా గొంతేంది బిడ్డా, పట్టాల పక్కన అరిచిన గొంతు," అన్నాడు. తర్వాత ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టూడియోకు వచ్చాడు. మైకు ముందు నిలబడి ఊతపదాన్ని నవ్వుతూ, నిదానంగా, గుసగుసగా రకరకాలుగా చెప్పాడు. నోటి కదలికలు సరిచూడాలని వికాస్ ఆయన చేత మరాఠీ వార్తాపత్రిక కూడా చదివించాడు. ఆయన సంపాదకీయం నుంచి పెళ్ళి ప్రకటనల దాకా శ్రద్ధగా చదివాడు.

త్రివేణి ఖారూ మామ ఒళ్ళంతా విడివిడి ముక్కలుగా గీసి, కీళ్ళ దగ్గర కలిపింది. పెదవులకు వేర్వేరు ఆకారాలు చేసింది, అ అన్నప్పుడు ఒకటి, మ అన్నప్పుడు మూసుకునేది ఒకటి. తర్వాత మళ్ళీ మళ్ళీ వాడుకునే కదలికల చుట్లు కట్టింది. ఊరికే నిలబడి ఊపిరి తీస్తూ రెప్ప వేయడం, ఉన్నచోటే నడవడం, దండం పెట్టడం, శనగను పైకి విసిరి నోటితో పట్టడం. ప్రతి చుట్టూ ఒకే నిలువు భంగిమలో మొదలై అందులోకే తిరిగి రావాలి. అప్పుడే దేని తర్వాత ఏదైనా అతుక్కుంటుంది. కానీ మొదటి బొమ్మే చివర మళ్ళీ పడితే ప్రతి చుట్టుకూ ఓ కుదుపు కనిపిస్తుంది. ఆ చివరి బొమ్మను తీసేసింది. తోకను ఒంటితో పాటు కదపలేదు. ఒళ్ళు ముందు కదిలితే తోక కాస్త వెనక వచ్చేట్టు చేసింది. బరువు ఉందని కంటికి తెలిసేది దానివల్లే. నడకలో మాత్రం తండ్రి ఆగే ఆ క్షణం అట్లాగే ఉంచింది.

తెర పెట్టిన రోజున పిల్లలు దుకాణం ముందు గుమిగూడి ఊతపదాన్ని మామతో పాటు అరిచారు. అనంతరాములు గుంపు వెనక నిలబడి చూసి, ఎవరికీ చెప్పకుండా ఇంటికి వచ్చేశాడు. ఆ వారమంతా ఏదో ఒక పని కల్పించుకుని ఆ వీధి మీదుగానే వెళ్ళాడు.

అనంతరాములు తినే శనగలు మాత్రం భోజన్న భట్టీవి. భోజన్న ఆయన స్నేహితుడు, బైంసా దిక్కు నుంచి వచ్చి నాందేడ్‌లోనే ఇత్వారా పేటలో స్థిరపడ్డవాడు. సందులో చిన్న భట్టీ, వేడి ఇసుకలో శనగలు వేయించి జల్లెడ పట్టడం, సాయంత్రం బెంచీ మీద ఇద్దరి కబుర్లు. నందకిషోర్ ప్యాకెట్ల సంగతి విని భోజన్న నవ్వాడు. "నీ గొంతు ఆడ, నీ పండ్లు ఈడ," అన్నాడు.

దసరా దాటాక ఒక సాయంత్రం అనంతరాములు వెళ్ళేసరికి భోజన్న తల ఎత్తలేదు. శనగలు పొట్లం కట్టి బెంచీ మీద పెట్టాడు.

"ఏమైంది భోజన్నా?"

"నువ్వే చెప్పినవ్ గదా ఏమైందో. ఊరంతా ఇన్నది."

పక్కనున్న గిరాకీ తన ఫోన్ చూపించాడు. అందులో ఖారూ మామ ఒక పొగచూరిన సందులోకి నడుచుకుంటూ వెళ్ళి, ఒక భట్టీ ముందు ఆగి, నోట్లోంచి రాయి ఉమ్మాడు. అనంతరాములు గొంతే మరాఠీలో అన్నది: సందు భట్టీల్లో ఇసుకా రాళ్ళూ నములుతారెందుకు, పండ్లు ఊడగొట్టుకోవాలంటే ముసలి తాత దగ్గరికి పొండి. చివర్లో అదే నవ్వుతో, "ఆధీ చాఖా, మగ్ బోలా."

"గిది నేను అనలే," అన్నాడు అనంతరాములు.

"నీ గొంతు నాకు తెల్వదా? గిన్నేండ్ల సంది ఇంటున్న."

ఆయన పొట్లం తీసుకోకుండానే ఇంటికి వచ్చాడు. ఆ మాటలు మరాఠీలో ఒక్కొక్కటే గుర్తు చేసుకుని కూతురికి చెప్పి, "నేను మరిచిపోయి అన్ననా బిడ్డా?" అని అడిగాడు. త్రివేణి ఎక్కువ బాధపడింది ఆ ప్రశ్నకే. తన గొంతు మీద ఆయనకే అనుమానం వచ్చింది.

వీడియో తెప్పించుకుని చూసింది. నడక తనదే, తండ్రి ఆగే క్షణంతో సహా. ఉమ్మడం మాత్రం తాను ఎప్పుడూ చేయలేదు. మళ్ళీ చూసింది. తోక ఒంటి కంటే ముందు కదులుతోంది. అప్పుడు అర్థమైంది. శనగను విసిరి నోటితో పట్టే చుట్టునే వెనక నుంచి ముందుకు తిప్పారు. నోట్లోకి పోయే గింజ నోట్లోంచి వస్తుంది. గింజ స్థానంలో రాయి పెట్టి, అది అరచేతికి చేరేలోపు కోసేశారు. మామ పిల్లలను నవ్వించిన కదలిక అదే. మూల ఫైలు తన దగ్గరా, వికాస్ దగ్గరా మాత్రమే ఉంది. తాను చేయలేదు.

మర్నాడు స్టూడియోలో వికాస్ తల వంచుకునే ఉన్నాడు. ఆమె అడగకముందే ఆమె ముఖం చూసి తెలుసుకున్నాడు.

"గొంతు ఎట్ల చేసినవ్?"

"పత్రిక చదివింది ఉండె గదా. అది కంప్యూటర్‌కు నేర్పిస్తే, ఏం రాసిస్తే గదే అంటది."

"బాపును అడిగినవా?"

"అడిగితే ఒద్దనెటోడు. నీకు చెప్తే నువ్వూ ఒద్దనేదానివి. గందుకే చెప్పలే. సేఠ్ ఏడాది పని మనకే ఇస్తనన్నడు. గిది చెయ్యకుంటే ఔరంగాబాదోళ్ళకు ఇచ్చేటోడు. నేను మన కోసమే చేసిన త్రివేణీ."

"మన కోసమైతే నాకు చెప్పెటోనివి."

ఆమెకు ఇంకొకటి తోచింది. ఆ రోజు తండ్రి చేత అంత సేపు చదివించింది నోటి కదలికల కోసమేనా అని అడిగింది. వికాస్ కిటికీ వైపు చూశాడు. నోటి కదలికలకు నాలుగు వాక్యాలు చాలునని ఆమెకూ తెలుసు. చదివేటప్పుడు తండ్రికి మంచినీళ్ళు అందించింది తానే.

నందకిషోర్ దగ్గరికి వెళ్తే అతను మర్యాదగానే కూర్చోబెట్టాడు. బొమ్మ తాను కొన్నాడు, బొమ్మ ఏం మాట్లాడాలో తన ఇష్టమన్నాడు. "మీరు కొన్నది ఉడుతను. మా బాపును కాదు," అంది త్రివేణి. "అది అప్పుడే అనుకోవలసింది," అన్నాడు అతను. నిజమే, అనుకోలేదు. గొంతు సంగతి ఎక్కడా అనుకోలేదు. ఇంట్లో మనిషి గొంతును కాపాడుకోవాలని ఎవరికి తోస్తుంది?

ఆమె లాప్‌టాప్ పట్టుకుని తండ్రితో కలిసి ఇత్వారాకు వెళ్ళింది. అనంతరాములు బెంచీ దాకా రాకుండా సందు మొదట్లోనే ఆగాడు.

"పెద్దబాపూ, ఒక్కసారి చూడు."

భోజన్న చేతులు తుడుచుకుని వచ్చాడు. ఆమె కదలికను ముందుకు తిప్పింది. ఖారూ మామ శనగను విసిరి పట్టాడు. వెనక్కి తిప్పింది. ఉమ్మాడు. ఆయన రెండోసారి తనే మీట నొక్కి చూశాడు. గొంతు ఎట్లా చేశారో కూడా ఆమె చెప్పింది.

"సమజైంది బిడ్డా. మీ బాపు అనలే." సందు మొదట్లో నిలబడ్డ స్నేహితుణ్ణి చూసి గొంతు తగ్గించాడు. "కానీ గిరాకీలకు ఎవరు చెప్తరు? వాళ్ళు ఫోన్ల చూసిన్రు. మొన్న ఒక పోరడు నా ముంగట్నే శనగలు నమిలి ఉమ్మిండు, మామ లెక్క."

త్రివేణి ఆ రోజే స్టూడియో తాళంచెవి వికాస్‌కు ఇచ్చేసింది. అతను ఆపలేదు. ఖారూ మామ ఫైలు నకలు తన దగ్గర ఉన్నా దాన్ని మళ్ళీ తెరవలేదు. అసలు సంగతి చెబుతూ చిన్న వీడియో చేసి పెడితే కొద్దిమంది చూశారు, ఎగతాళి వీడియో అంతకంటే చాలా దూరం పోయింది. కొన్నాళ్ళకు నందకిషోర్ దాన్ని తీసేశాడు, తప్పనిపించి కాదు, సంక్రాంతి ప్రకటన వచ్చింది కాబట్టి. అందులో ఖారూ మామ నువ్వుల లడ్డూ గురించి చెప్పాడు, అనంతరాములు గొంతుతోనే. ఆయన ఆ మాటలూ ఎప్పుడూ అనలేదు.

ఇప్పుడు త్రివేణి ఇంట్లోనే ఒక మూల బల్ల వేసుకుని పని చేస్తోంది. ఎవరి గొంతైనా తీసుకునే ముందు ఏ మాటలకు వాడతారో కాగితం మీద రాయించుకుంటుంది. గిరాకీలు విసుక్కుంటే పని వదులుకుంటుంది.

అనంతరాములు మాట తగ్గించాడు. కూరగాయల దగ్గర వేలితో చూపిస్తాడు. ఫోన్ మోగితే కూతురికి ఇస్తాడు. ఎవరైనా గొంతు విని, "అరే, ఖారూ మామ," అని నవ్వితే తానూ నవ్వినట్టు చేసి పక్కకు తప్పుకుంటాడు. సాయంత్రాలు భోజన్న బెంచీ మీద కూర్చోవడం మాత్రం మళ్ళీ మొదలైంది. మాట్లాడేది భోజన్నే. వరంగల్‌లో ఉండే తన మనవడి గురించి, శనగ ధర గురించి, మోకాలి నొప్పి గురించి. అనంతరాములు జల్లెడ పట్టి ఇస్తూ వింటాడు.