తూర్పారబట్టడం అనగానేమి?

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోస్తాను. దోసకాయంత విషయం నా నోట్లో పడితే గుమ్మడికాయై బయటికొస్తుంది. బీఎడ్ కాలేజీలో పిల్లల పాఠ ప్రణాళికలు దిద్దే ఉద్యోగంలో ఉండి ఇదేం బుద్ధని మా ఆవిడ ముప్పూటలా అడుగుతుంది. మూడు పూటలు అన్నాను గానీ ముప్పై సార్లు.

ఆరోజు ఆమదాలవలస అవతల ఒక హైస్కూలు. స్టాఫ్ రూములో ఫ్యాను నిమిషానికి ఒకటిన్నర చుట్టు తిరుగుతోంది. మా ట్రైనీ ఒకమ్మాయి, సముద్రపొడ్డు ఊరి పిల్ల, రికార్డు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. చంకలో తెరచాపంత చార్టు. మధ్యాహ్నం ఆరో తరగతికి ఆమె చెప్పాల్సిన ఆఖరి పాఠం. ప్రణాళిక మీద నా సంతకం పడితేనే క్లాసులోకి అడుగు. ఈ పాఠం తప్పితే పాఠాల లెక్క తక్కువై, వచ్చే బ్యాచ్ వాళ్లతో మళ్లీ మొదటినుంచీ.

పాఠం మిశ్రమాలను వేరుచేయడం. లక్ష్యం దగ్గర ముత్యాల్లాంటి అక్షరాలు: ‘ఇచ్చిన మిశ్రమానికి తగిన పద్ధతిని విద్యార్థి ఎంచుకుని, కారణం చెప్పగలడు.’ కృత్యం: ‘ఉపాధ్యాయిని చార్టు చూపి వివరించును.’ మూల్యాంకనం: ‘తూర్పారబట్టడం అనగానేమి?’

గద్దలా ఒక్క చూపులో పట్టేశాను.

“అమ్మా, ఎంచుకోవాలన్నావు. పిల్లలు ఎంచుకునేది ఎక్కడ?”

“సార్, సీనియర్ అక్క రికార్డు సూసి రాసానండి. దాన్లో ఇలాగే ఉన్నాది.”

“ఆ అక్క రాస్తే మాత్రం ఒప్పు అయిపోద్దేటి?”

“కింద మీ సంతకం ఉన్నాది సార్. ‘చాలా బాగుంది’ అని కూడా రాసేరండి.”

ఫ్యాను ఆగిపోయింది. పక్కనున్న లెక్కల మేడమ్ అంత పెద్ద నవ్వును టీ గ్లాసులో దాచుకుంది.

“ఆరోజు నా కళ్లజోడు ఇంటి దగ్గర ఉండిపోయింది,” అన్నాను. “సరే, సెప్పు. చార్టే చూడని పిల్లడు ఈ జవాబు బట్టీ పట్టి రాస్తే మార్కులొస్తాయా?”

“వస్తాయండి.”

“ఊక కలిసిన ధాన్యం ముందర పెడితే?”

ఆమె రికార్డులో లక్ష్యం మీద వేలు పెట్టింది. తర్వాత ముఖం వెలిగింది. “అయితే లక్ష్యమే మార్చేస్తాను సార్! ‘నిర్వచించగలడు’ అని. అప్పుడు మూడూ సరిపోతాయి కదండి!”

తెలివైన పిల్ల. సరిపోతాయి, నిజమే. కాలికి చెప్పు సరిపోకపోతే కాలు చెక్కుకున్నట్టు. ఆరో తరగతి పిల్లలు ఎంచుకోవడం నేర్చుకోవాలని పుస్తకమే అడుగుతుంటే, మనకు వీలుగా లేదని నిర్వచనానికి దిగిపోతే ఎలా?

“మీ అమ్మ చేపలు అమ్ముతాదన్నావు కదా,” అన్నాను. “ఏరడానికి కొత్త మనిషి వస్తే ‘ఏరుట అనగానేమి’ అని అడుగుతాదేటి?”

ఆ అమ్మాయి పకపకా నవ్వేసింది. “గంప ముందల పడేసి, రొయ్యలు ఇటు, నెత్తళ్లు అటు వెయ్యమంటాది సార్. తరవాత వేరే గంప ఇచ్చి సూస్తాది.”

“మరింకేటి?”

రికార్డు లాక్కుని పరిగెత్తింది. మధ్యాహ్న భోజనం వండే వాళ్లను బతిమాలి బియ్యం, రాళ్లు, రాగుల చోడిపిండి, చేట, జల్లెడ సంపాదించింది. ఊకతో ఉన్న ధాన్యం ఎక్కడిదో నాకిప్పటికీ తెలియదు. గంట కొట్టేలోపు కృత్యం, మూల్యాంకనం కొత్తగా రాసి తెచ్చింది. ఒక్కో గుంపుకి ఒక్కో మిశ్రమం, పద్ధతి వాళ్లే తేల్చుకోవాలి. చివర్లో క్లాసులో ముట్టుకోని మిశ్రమం ఒకటి: వేరుశనగ గింజలు, ఊడిన పొట్టు. ఎవరి చీటీ మీద వాళ్లే పద్ధతీ కారణమూ రాయాలి. సంతకం పెట్టాను, కళ్లజోడు పెట్టుకునే.

క్లాసులో చేట ఎగరేస్తే ఊక ఒడిశా సరిహద్దు దాటింది. మిగిలింది నా బట్టతల మీద వాలింది.

చీటీలు చూస్తూ ఆమె ఒక దగ్గర ఆగింది. ఒక రైతుబిడ్డ ‘జల్లెడ’ అని రాశాడు. తప్పు అనలేదు. గింజలూ పొట్టూ పోసి జల్లెడే చేతికిచ్చింది. వాడు ఊపి ఊపి అలిసిపోయాడు.

“రెండూ పైనే ఉండిపోనాయి మేడమ్.”

“ఎందుకురా?”

“రెండూ కన్నాల కంటే పెద్దవి. పొట్టేమో తేలిక. సేట ఇవ్వండి, గాలికి పోద్ది.”

ఆమె నా వైపు చూసింది. నేను తల ఊపాను, ఊక రాలింది.

ఇందులో కల్పించిందేదో చెప్పాలి కదా. ఒడిశా, ఫ్యాను, గద్దచూపు మీరు ఎలాగూ నమ్మి ఉండరు. అసలు అల్లింది వేరే: చేపల గంప మాట నేను ఎత్తలేదు. నేనడిగింది ఒక్కటే, “వాళ్లకి వచ్చిందని నీకెలా తెలుస్తాది?” అని. ఆమె చార్టు పక్కన పెట్టి, “మా అమ్మ వేరే గంప ఇచ్చి సూస్తాది సార్,” అంది. మంచి మాట కనిపిస్తే నాది చేసుకోవడం నా పాత అలవాటు. ఇప్పుడు నా దగ్గరికొచ్చే ప్రతి ప్రణాళిక మీదా ‘వేరే గంప ఎక్కడ?’ అని ఎర్రసిరాతో రాస్తున్నాను.