ఆపరేషన్ అయిన మనిషి

ఇస్త్రీ అక్క అంటే ఆ నాలుగు అంతస్తులకూ తెలుసు. మెట్ల కింద బల్ల, బల్ల మీద పాత దుప్పటి, చేయి పడిపోయేంత బరువున్న పెట్టె. పదకొండేళ్లుగా అదే ఆమె లోకం. జ్వరం వచ్చినా నిలబడే ఉంటుంది.

ఆ నెల నెలసరి రెండు వారాలు దాటినా రాలేదు. ఆమె వేళ్ల మీద రోజులు లెక్కపెట్టలేదు. రెండో కాన్పు తర్వాత ఇక పిల్లలు వద్దని ట్యూబులు కట్టించుకున్న మనిషి ఎందుకు లెక్కపెడుతుంది? తాళం వేసిన ఇంట్లో దొంగ దూరడని మనందరి నమ్మకం. తాళం కన్నా దొంగే ముందు పుట్టాడన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు.

తర్వాత గోధుమరంగు చుక్కలు కనిపించాయి. హమ్మయ్య, వచ్చిందనుకుంది. కుడివైపు పొత్తికడుపులో సూది దించి తిప్పుతున్నట్టుంటే మందుల షాపతను గ్యాసు బిళ్ల ఇచ్చాడు. మర్నాడు భుజం కొనలో పోటు.

"పెట్టె మోసే భుజం, నొప్పెట్టదా మరి?" అన్నాడు భర్త, ఆటో అద్దం తుడుస్తూ. పాపం, ఆ భుజానికి తనే మందు కూడా రాశాడు.

మూడోరోజు మధ్యాహ్నం, పైఅంతస్తు నర్సు తన తెల్లబట్టల కోసం దిగింది.

"ఏంటక్కా, మొహం సున్నం కొట్టినట్టుంది?"

"బయటున్నానమ్మా. పదిహేను రోజులు ఆలస్యంగా వచ్చింది. అదీ చుక్కలే."

"నొప్పి ఒక పక్కేనా?"

"కుడిపక్కే. కళ్లు తిరుగుతున్నాయి కూడా."

"కడుపొచ్చిందేమో."

"ఆపరేషన్ అయినదాన్ని తల్లీ! మోడుకి కాయ కాస్తుందా?"

"ఎప్పుడో ఒకరికి కాస్తుందక్కా. అలా వస్తే ట్యూబులోనే ఇరుక్కునే భయం ఎక్కువ. పద, ఆసుపత్రికి."

"ఈ నాలుగు చొక్కాలు చేసేసి..."

"చొక్కాలు ఎక్కడికీ పోవు. నువ్వు పోతావు!"

పెట్టె ప్లగ్గు తీయడానికి వంగిన మనిషి మళ్లీ లేవలేదు.

నర్సు కేకకి భర్త ఆటో తెచ్చాడు. దారంతా ఆమె దాహం, దాహం అంది. భర్త సీసా అందించబోతే నర్సు లాగేసుకుంది. "వద్దు బావా, కోత పడొచ్చు, కడుపు ఖాళీగా ఉండాలి." పిల్లలు నాలుగింటికి బడి నుంచి వస్తారు, తలుపు ఎవరు తీస్తారని ఆమె అడుగుతూనే ఉంది. ఆ మాట కూడా రానురాను సన్నబడింది.

మూత్ర పరీక్షలో గర్భమని తేలింది. బీపీ జారిపోతోంది. స్కాన్‌లో గర్భసంచి ఖాళీ. దాని చుట్టూ రక్తం.

"ట్యూబు పగిలింది. ఇప్పుడే కోసి తీసెయ్యాలి," అంది డాక్టరమ్మ.

"రేపు మా అన్నయ్యని ఒక్కమాట అడిగి..." అన్నాడు భర్త.

"రేపటిదాకా మనిషి ఆగదయ్యా."

"బయటికి చుక్కలేగా కారాయి? భుజం పోటంటారా, అది ఇస్త్రీపెట్టె మోసి వచ్చింది."

"మిగతాదంతా లోపలే కారింది. ఆ నెత్తురు పైకి చేరి ఊపిరితిత్తుల కింది పొరని ఒరుసుకుంటేనే భుజం పోటు. అది ఇస్త్రీపెట్టె చేసిన పని కాదు."

అతను కలం అందుకున్నాడు. సంతకం గీత దాటింది.

ఆమెకు తెలివి వచ్చేసరికి చేతికి రక్తం ఎక్కుతోంది, నాలుక అట్టకట్టింది. పక్కన నర్సు. ఒక ట్యూబు తీసేశారని, బతికిందని చెప్పింది. తనలో ఒక ప్రాణం ఉందని తెలిసిన రోజే అది లేదు. ఉంటే తననే మింగేసేదట. దేనికి ఏడవాలో తేల్చుకోలేక, నర్సు చెయ్యి గట్టిగా పట్టుకుని అలాగే పడుకుంది.