ఒకే హాలు, రెండు తరగతులు

పక్కవాటాలో ట్యూషన్ చెప్పే అమ్మాయి ఈ మధ్య సాయంత్రాలు పిల్లలచేత ఎక్కాలు అనిపిస్తోంది. "పదమూడు రెళ్ళు ఇరవయ్యారు" అని పదిమంది గొంతులు ఒక్కసారి గోడ దాటి వస్తే, చదువుతున్న పేపరులో అక్షరాలు కదిలిపోతాయి. ఇన్నేళ్ళయినా నా పళ్ళు వాటంతటవే బిగుసుకుంటాయి. వెంకట్రామయ్య మాస్టారు గుర్తొస్తారు. ఆయన వెనకాలే, తెల్ల పైజామాలో, చంకలో గొడుగుతో మా హెడ్మాస్టరు మస్తాన్ గారూ వస్తారు. నేను రాయాలనుకున్నది ఈయన గురించి. కానీ ఆ మాస్టారిని ముట్టుకోకుండా ఈయన దగ్గరికి వెళ్ళడం కుదరదు.

పొదిలిలో బస్సు దిగి నడిచి వెళ్ళే ఊళ్ళో ఉండేది మా బడి. పందొమ్మిదివందల యాభైల చివర్లో ట్రైనింగు ముగించుకుని గుంటూరు నుంచి వచ్చాను. టెంపరరీ ఉద్యోగం, ఏడాది తిరిగాక ఇన్‌స్పెక్షన్‌లో పిల్లలు గడగడా చదివితేనే ఖాయమవుతుంది. బడికి ఉన్నది ఒక చిన్న గది, ఒక పొడుగు హాలు. గదిలో నాలుగూ ఐదూ తరగతులు మస్తాన్ గారివి. హాల్లో ఒక కొసన నా రెండో తరగతి, రెండో కొసన వెంకట్రామయ్య గారి మూడో తరగతి. మధ్యలో గోడ లేదు, తడిక కూడా లేదు. ప్రార్థన కాగానే ఆయన బెత్తంతో బల్ల మీద ఒక్కటి కొట్టేవారు. అంతే, ఇంటర్వెల్ దాకా ఎక్కాలు. నలభై గొంతుల మీద తేలుతూ ఆయన గొంతు. నా పిల్లలు "అల" అని చదవబోయి "ఆరు" అనేవాళ్ళు.

మొదటివారమే మర్యాదగా అడిగాను. "కొంచెం నెమ్మదిగా అనిపిస్తారా మాస్టారూ, మావాళ్ళకి చదువు వినపడటం లేదు."

"గుసగుసగా చెబితే ఎక్కాలు వస్తాయా టీచరమ్మా? మీ పట్నంలో వస్తాయేమో. ఇక్కడి బుర్రలకి దరువు పడాల్సిందే" అన్నారు. ఆ తరగతి మొత్తం నవ్వింది. ఆ నవ్వు నేను మరిచిపోలేదు, మరిచిపోను.

తర్వాత నా పిల్లలచేత ఆయనకంటే గట్టిగా చదివించాను. మూడోరోజుకి నా గొంతు పోయింది. బజారులో బస్తాలెత్తే మనుషులు దారిలో ఆగి, బళ్ళో గొడవేమిటని తొంగిచూశారు. చివరికి ఇన్‌స్పెక్టరు గారికి నాలుగు పేజీల ఫిర్యాదు రాసి, పైకి పంపమని మస్తాన్ గారి ముందు పెట్టాను. బడి వదిలాక ఆయన అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నారు; నేనేం చెప్పుకోవాలన్నా రోజూ ఆ వేళకే రమ్మనేవారు.

నాలుగు పేజీలూ నిదానంగా చదివారు. "పంపిస్తానమ్మా, అది నీ హక్కు. నేనాయనకి నాలుగేళ్ళ నుంచి చెబుతున్నా. చెప్పిన రోజు తగ్గిస్తాడు, తెల్లారితే మళ్ళీ మామూలే. రేపూ చెబుతా. ఆయన గొంతు తగ్గించడం నా చేతిలోనూ లేదు, నీ చేతిలోనూ లేదు. జవాబు వచ్చేదాకా నీ పిల్లలేం చేస్తారు?"

"అంటే నన్నే సర్దుకోమంటారు. ఎప్పుడూ సర్దుకునేది మేమే."

"సర్దుకోమనట్లేదు. ఆయన మారితే బాగుపడేవి ఒక పక్కన పెట్టు. ఆయన మారకపోయినా నువ్వు చేయగలిగినవి ఇంకో పక్కన పెట్టు. ముందు ఆయన ఏ వేళకి అరుస్తాడో, ఏ వేళకి అరవడో చూసి చెప్పు. తిట్టుకోకుండా చూడు."

తిట్టుకుంటూనే చూశాను. పొద్దున ఎక్కాలు, ఇంటర్వెల్ తర్వాత లెక్కలు, మధ్యమధ్య కేకలు, అన్నాలయ్యాక మాత్రం చూచిరాత. ఆ వేళకి ఆయనకి కునుకు పట్టేది, హాలంతా పలకల గీకుడు తప్ప మరేమీ వినపడేది కాదు. నేనేమో ట్రైనింగులో చెప్పారని పొద్దుటిపూటే చదువు పెట్టి, ఆ బంగారంలాంటి వేళలో రాత పెడుతున్నాను. రెంటినీ తారుమారు చేశాను. నల్లబల్ల మా కొస గోడకి మార్చి, పిల్లల వీపులు ఆయనవైపు వచ్చేలా కూర్చోబెట్టాను. వరండాలోకి తీసుకుపోదామంటే పక్కనే మిరపకళ్ళం; గాలి తిరిగితే పిల్లలకి తుమ్ములు, కళ్ళ నీళ్ళు. అందుకని పొద్దున చదివించక తప్పనినాడు జంటలుగా కూర్చోబెట్టి, ఒకరి చెవి దగ్గర ఒకరు చదివే పద్ధతి పెట్టాను. వాళ్ళకది ఆటలా ఉండేది.

ఒక్కటి మాత్రం మిగిలింది. ఆయన నా పిల్లల్ని చుట్టకి నిప్పు తెమ్మని ఇళ్ళకి పంపేవారు. "ఇది కూడా సర్దుకోనా?" అని మస్తాన్ గారి మీద విరుచుకుపడ్డాను.

"అక్కర్లా. నీ తరగతి పిల్లలు నీ చేతిలో ఉన్నవాళ్ళే. పంపనని చెప్పు. కానీ ఆ ఒక్కమాటే చెప్పు. ఎక్కాలూ, పట్నం మాటా, ఆ నవ్వూ దానికి తగిలించబోకు. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే మాట."

తగిలించకుండా ఉండటానికి నేను పడ్డ బాధ నాకే తెలుసు. "క్లాసు వేళ నా పిల్లల్ని బయటికి పంపను మాస్టారూ" అన్నాను. "అబ్బో, రాజావారి బిడ్డలు!" అని గొణిగి, ఆయన తన తరగతి పిల్లాణ్ణి పంపుకున్నారు. తర్వాత కూడా నెలకోసారి అడిగేవారు. నేనూ అదే మాట చెప్పేదాన్ని.

ఇన్‌స్పెక్షను రానే వచ్చింది. వచ్చింది సరిగ్గా ఎక్కాల వేళకి. ఇన్‌స్పెక్టరు గారు నా కొసకి వచ్చి "ఏదీ, చదివించండి" అన్నట్టు పెదవులు కదిపారు. ఆపమని అటు చెయ్యెత్తారు. వెంకట్రామయ్య గారు దాన్ని మెచ్చుకోలు అనుకున్నారు. దరువు రెట్టింపయింది. నా ఉద్యోగం ఆ హోరులో కొట్టుకుపోతోందనిపించింది. నాలుగు పేజీల ఫిర్యాదూ నాలుక చివరికొచ్చింది. గుమ్మంలో నిలబడ్డ మస్తాన్ గారు నాకేసి చూశారు.

నేను చాప దులిపి, కూర్చోమన్నట్టు ఇన్‌స్పెక్టరు గారికి చూపించాను. ఆయన తటపటాయించి, పంట్లాం పైకి లాక్కుని కూర్చున్నారు. బీబీజాన్ అనే బక్కపిల్ల లేచి ఆయన పక్కన చేరింది. "ఇట్టా వంగండి సారూ, ఇంకొంచెం" అని, చెవి దగ్గర పాఠం మొత్తం ఒక్కచోట కూడా తడబడకుండా చదివింది. తర్వాత ఇంకొకరు, తర్వాత ఇంకొకరు. ఆయన చెవి మార్చి చెవి పెట్టారు.

ఎక్కాలు ఆగాక అడిగారు: "ఈ గోలలో ఎట్లా నేర్పారమ్మా?"

ఫిర్యాదు చెప్పడానికి అంతకన్నా మంచి అదను మళ్ళీ రాదు. "మధ్యాహ్నాలు చదువు, పొద్దుటిపూట రాత పెట్టానండీ" అన్నాను. ఉద్యోగం ఖాయమైంది. ఫిర్యాదుకి మాత్రం ఈనాటికీ జవాబు లేదు. వెంకట్రామయ్య గారైతే ఊరంతా "నా దరువుకే ఆవిడ పిల్లలకి కూడా చదువు అంటుకుంది" అని చెప్పుకున్నారు. అదీ రాసిపెట్టుకున్నట్టు గుర్తుంది నాకు.

కొన్నేళ్ళకి నాకు బదిలీ అయింది. వెళ్ళొస్తానని చెప్పడానికి అరుగు దగ్గరికి వెళ్ళి, ఆ మనిషితో అన్నేళ్ళు ఎలా వేగారని మస్తాన్ గారిని అడిగాను.

"ఆయనతో ఏముందమ్మా, గది తలుపు వేసుకుంటే సరి. నీతోనే కాస్త ఆలోచించాల్సి వచ్చింది" అన్నారు నవ్వుతూ. "నీ ఫిర్యాదులు ఆపడం నావల్ల కాదని మొదటి నెలలోనే తెలిసిపోయింది. పొద్దున వింటే నా క్లాసు పాడవుతోంది. అందుకని టీ వేళకి పెట్టుకున్నా. టీ తాగుతూ వింటే ఏదైనా బాగానే ఉంటుంది."

బస్సెక్కి చీమకుర్తి దాటేదాకా మండిపడుతూనే ఉన్నాను. ఆ తర్వాత ఎందుకో నవ్వొచ్చి, పక్కసీటావిడ అనుమానంగా చూస్తే కొంగు అడ్డం పెట్టుకున్నాను. నన్ను ఒక్కసారి కూడా మారమనకుండా, ప్రతి సాయంత్రం నేను చెప్పిందంతా విన్న మనిషి ఆయన ఒక్కరే.

తర్వాత పనిచేసిన ప్రతి బళ్ళోనూ ఒక వెంకట్రామయ్య గారు ఉన్నారు. వాళ్ళన్న మాటలన్నీ వరసగా చెప్పగలను. ఎవరినీ క్షమించినట్టు లేను. కానీ ఎవరివల్లా నా తరగతి ఒక్కపూట కూడా పాడు కాలేదు. ఇప్పుడు మా పైవాటా ఆవిడ బట్టలు పిండకుండా ఆరేస్తుంది, నీళ్ళన్నీ నేను కూర్చునే చోటే కారతాయి. రెండుసార్లు చెప్పాను. మూడోసారి కుర్చీ మూడు అడుగులు ఇవతలికి జరుపుకున్నాను. ఇక్కడ ఎండ కూడా బాగానే వస్తోంది. ఆవిడ మీద కోపం మాత్రం అక్కడే ఉంది, దాన్ని నేను జరపలేదు.