బాపట్ల ఇసుకలో తెనాలి కిటికీ

బొమ్మలోని గాజును నిజమైన గాజని నమ్మించడం మహా కష్టం. మనుషుల్ని నమ్మించడం దానికంటే చాలా తేలికని గౌతమికి ఆలస్యంగా తెలిసింది, పాపం.

తెనాలిలో రవిశంకర్ ఫ్లెక్సీల షాపులో ఆమె డిజైనరు. బొమ్మ ఎలా ఉండాలో కంప్యూటరుకు మాటల్లో రాసిస్తే అదే వేసిపెట్టే రోజులొచ్చాక, ఆ ప్రాంప్టులు రాసే పని కూడా ఆమె నెత్తినే పడింది. రవిశంకర్‌ని "అన్నయ్యా" అని పిలిచేది. రేపల్లెలో బ్రాంచి పెడితే దాన్ని నీ చేతికే ఇస్తానని ఆయన నలుగురి ముందు చెప్పాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె ఆదివారాలు కూడా పనిచేసింది.

ఒకసారి గోళీ సోడా బొమ్మ అడిగారు. "మెరిసే అందమైన గాజు సీసా" అని రాస్తే ప్లాస్టిక్ డబ్బాకి నూనె రాసినట్టు వచ్చింది. ఛీ, ఇదేం సీసా అనుకుని, నిజం సీసాలో నీళ్లు పోసి, స్ట్రా వేసి షాపు కిటికీ దగ్గర ఎండలో పెట్టింది. టీ చల్లారిపోతున్నా దాన్నే చూస్తూ కూర్చుంది. తరవాత అందం, మెరుపు లాంటి మాటలన్నీ కొట్టేసి, కళ్లకు కనపడిందే రాసింది. ఎండ ఎడమవైపు నుంచి. సీసా మీద తెల్లటి మెరుపు ఒక్కటే, అదీ అంచులు స్పష్టంగా, ఊచలున్న కిటికీ ఆకారంలో. గాజు అంచుల వెంట సన్నటి నల్లగీత. నీళ్లలో నిలబెట్టిన స్ట్రా నీటిమట్టం దగ్గర విరిగినట్టు పక్కకు జరగాలి. సీసా వెనక ఉన్నవి నీళ్లలోంచి కుడి ఎడమలు తారుమారై కనపడాలి. కుడివైపు బల్ల మీద పలచటి నీడ, ఆ నీడ మధ్యలో వెలుగంతా పోగై వంకర గీతలుగా మెరవాలి. ఆ వెలుగు గీతల్ని కాస్టిక్స్ అంటారని ఎక్కడో చదివి ఆ మాట కూడా చేర్చింది. ఈసారి వచ్చిన బొమ్మ చూసి షాపులో అందరికీ దాహం వేసింది.

"అబ్బ, ఏం చేశావమ్మా! మన శ్యామ్‌కి కూడా కాస్త నేర్పు" అన్నాడు రవిశంకర్. శ్యామ్ ఆయన బామ్మర్ది. గౌతమి దాపరికం లేకుండా నేర్పింది. తను రేపల్లె వెళ్లిపోతే తెనాలి షాపు చూసుకోడానికి ఒకరుండాలి కదా అనుకుంది, పిచ్చిది.

ఒకరోజు రవిశంకర్ ఫోన్లో ఒక బొమ్మ చూపించాడు. "బాపట్ల బ్రహ్మానందం గారి సోడాదమ్మా. ఏదో తేడాగా ఉందంటున్నారు. ఏంటో చూడు."

సూర్యలంక సముద్రం, ఇసుకలో సీసా, దాని వెనకే పైకొస్తున్న సూర్యుడు. అటువైపు ఎండ ఉంటే నీడా, వెలుగు గీతలూ మనవైపుకి రావాలి. ఇక్కడేమో కుడివైపుకి పోతున్నాయి. గౌతమి బొమ్మను పెద్దది చేసి చూసింది. చుట్టూ గోడన్నది లేని సముద్రపొడ్డున, సీసా నడుం మీద ఊచల కిటికీ మెరుస్తోంది! తన పక్కనున్న కిటికీయే. తను రాసిన మాటల్ని ఒక్క అక్షరం మార్చకుండా ఎత్తి పోశారు.

"ఎవరు చేశారన్నయ్యా?"

"శ్యామేలే. రేపల్లె షాపులో కూర్చుని చేశాడు."

"రేపల్లె షాపా?"

"మొన్న మంచిరోజని తెరిచేశాం. చెబుదామనుకుంటూనే ఉన్నాను. ఆడపిల్లవి, రోజూ అంత దూరం ఏం తిరుగుతావమ్మా? ముందు ఇది సరిచెయ్యి, ఆయన తొందరపడుతున్నారు."

ఫోను నేలకేసి కొట్టాలనిపించింది. కానీ ఆ తప్పుడు వెలుగును చూస్తూ ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు. ఎండ వెనక నుంచి అని రాసింది. సీసా అంచుల వెంట సన్నటి బంగారు గీత, లోపల తలకిందులు కాకుండా పక్కలు మారిన సముద్రం, ఇసుక మీద మనవైపు సాగిన నీడ, దాని నడుమ వెలుగు గీతలు. కిటికీని తీసేసింది.

బొమ్మ రాగానే రవిశంకర్ ముఖం విప్పారింది. అక్కడే నిలబడి ఫోన్ కలిపాడు. "బ్రహ్మానందం గారూ, మా శ్యామ్ సరిచేసి పంపించాడండి. కుర్రాడు గట్టివాడండి!"

"అది నేను చేశాను" అంది గౌతమి, ఆయన ఫోను పెట్టేదాకా ఆగి.

"ఎవరు చేస్తే ఏంటమ్మా? అంతా మన ఇంట్లోదే కదా."

గౌతమి లేచి బ్యాగు భుజాన వేసుకుంది.

"వెళ్లొస్తానండి, రవిశంకర్ గారూ."

ఆ పిలుపు విని ఆయన తలెత్తాడు. అప్పటికే ఆమె మెట్లు దిగేసింది.