జానీబీ తీసుకున్న పన్నెండు లక్షలు

చిలకలూరిపేటలో జానీబీ కారం మిల్లు పధ్నాలుగేళ్లు నడిచింది. ఆ మిల్లుకు జీఎస్టీ రిటర్నులు వేసేది నేనే. నా పేరు త్రినాథ్. ఇది ఆమె కథే అయినా ఇందులో నా తప్పు ఉంది. అది ముందే చెప్పడం మంచిది.

మొదట్లో మిల్లు ఆమె భర్త బుడే చూసుకునేవాడు. బస్తా ఎత్తబోయి నడుం పోగొట్టుకున్నాక ఆయన గల్లాపెట్టె దగ్గర కుర్చీకే పరిమితమయ్యాడు. కొనడం, ఆడించడం, అమ్మడం అన్నీ జానీబీవే. మిరపకాయని చేతిలోకి తీసుకుని తొడిమ విరిచి చూసి, తూకం పెరగడానికి నీళ్లు చల్లారో లేదో చెప్పేది. మిర్చి యార్డులో పెద్ద పెద్ద వ్యాపారులు కూడా ఆమె ముందు బస్తా విప్పడానికి ఒక్క క్షణం ఆలోచించేవాళ్లు.

ఆమెకు లేనిది చేతిలో డబ్బు. పది బస్తాలు అరువు మీద తెచ్చేది, నూటికి నెలకి రెండు రూపాయల వడ్డీ. అవి ఆడించి అమ్మి, అరువు తీర్చి, మళ్లీ పది బస్తాలు. అట్లా ఏడాదికి యాభై లక్షల వ్యాపారం చేసేది. రిటర్నుల్లో మాత్రం నేను పాతిక లక్షలే చూపించేవాణ్ణి. "చిల్లర అమ్మకాలన్నీ నగదే కదక్కా, అంతా చూపించక్కర్లేదు" అని ఆమెకు మొదట చెప్పింది నేనే. నేనేదో మేలు చేశానని ఆమె ప్రతి రంజాన్‌కీ మా ఇంటికి సేమ్యా పంపేది.

రెండేళ్ల కిందట ఫిబ్రవరిలో ఒంగోలు పచ్చళ్ల కంపెనీ ఒకటి ఆమెకు ఆర్డరిచ్చింది. నెలకు నాలుగు క్వింటాళ్ల కారం. ఏడాదంతా ఒకే రంగు, ఒకే ఘాటు ఉండాలి. డబ్బు అరవై రోజులకు ఇస్తారు. అలా ఇవ్వాలంటే సీజన్లోనే ఒక్క రకం కాయ కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవాలి. పన్నెండు లక్షలు కావాలి. నేనే ఆమెను బ్యాంకుకి తీసుకెళ్లాను.

మేనేజరు బిందుమాధవి గారు కాగితాలన్నీ చూసి నిదానంగా చెప్పారు. "మీకు కావాల్సింది ఓడీ అమ్మా, టర్మ్ లోన్ కాదు. ఓడీ అంటే మీకొక లిమిట్ పెడతాం. కాయ కొన్నప్పుడు వాడుకుంటారు, అమ్మిన డబ్బు అందులో వేస్తారు, మళ్లీ కావాలంటే తీసుకుంటారు. ఎంత వాడితే అంతకే, ఎన్నాళ్లు వాడితే అన్నాళ్లకే వడ్డీ. నెలనెలా స్టాకు లెక్క ఇవ్వాలి, సరుకుకి ఇన్సూరెన్సు ఉండాలి, ఏడాదికోసారి రెన్యువల్. టర్మ్ లోన్ అట్లా కాదు. మెషీను కొనడానికో షెడ్డు వేయడానికో అది. డబ్బంతా ఒక్కసారే ఇస్తారు, మర్నాటి నించి మొత్తానికీ వడ్డీ. సరుకు అమ్ముడుపోయినా పోకపోయినా నెలనెలా ఈఎంఐ."

"అయితే ఓడీనే ఇవ్వండమ్మా" అంది జానీబీ.

"ఇస్తాం. కానీ మీ అమ్మకాల్లో ఐదో వంతే లిమిట్. రిటర్నుల్లో పాతిక లక్షలుంది కాబట్టి ఐదు లక్షలు. మంజూరుకి ఓ నెలన్నర పడుతుంది."

"మా అమ్మకాలు యాభై లక్షలమ్మా."

బిందుమాధవి గారు నా వైపు చూశారు. నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ ఉండిపోయాను.

"కాగితం మీద లేనిది నేను లెక్కపెట్టలేనమ్మా. ఐదుతో మొదలెట్టండి. ఇకనించి అమ్మకాలన్నీ చూపించండి, రెన్యువల్లో పెంచుదాం" అన్నారామె.

ఆ వారంలోనే చైతన్యకృష్ణ అనే కుర్రాడు మిల్లుకొచ్చాడు. ప్రైవేటు ఫైనాన్సు కంపెనీ ఏజెంటు. ఇల్లు చూసి, దస్తావేజులు ఫోనులో ఫొటోలు తీసుకుని, ఇల్లు తాకట్టు పెడితే పన్నెండు లక్షలు ఇప్పిస్తానన్నాడు. ఐదేళ్లు, పదహారు శాతం, తొమ్మిది రోజుల్లో డబ్బు చేతికి. రిటర్నులు అడగలేదు.

"ఇది టర్మ్ లోనక్కా. మేనేజరు గారు వద్దన్నది ఇదే" అన్నాను.

"ఐదు లక్షలతో ఆ ఆర్డరు ఎట్టా నిలబెట్టను తమ్ముడూ? నెలన్నర ఆగితే మంచి కాయంతా పోయిద్ది. వడ్డీ చూడు, మనం అరువుకి కట్టేదానికన్నా తక్కువే కదా."

వడ్డీ తక్కువే. కానీ అరువు తీర్చేది సరుకు అమ్మాక. ఈ తేడా నేను గట్టిగా చెప్పాల్సింది. ఐదు లక్షల లిమిట్‌కి కారణం నేనే కాబట్టి ఆ మాట దాటేశాను.

క్వింటాలు పంతొమ్మిదిన్నర వేల చొప్పున యాభై ఎనిమిది క్వింటాళ్లు కొంది. కాయ చూడముచ్చటగా ఉంది. ఒంగోలుకి మొదటి లోడు ఏప్రిల్లో వెళ్లింది, డబ్బు జూన్లో వచ్చింది. ఈలోపు మేలోనే మొదటి వాయిదా వచ్చేసింది, ఇరవై తొమ్మిది వేల చిల్లర. చిల్లర అమ్మకాల డబ్బుతో కట్టింది. ఆ డబ్బే అంతకుముందు మళ్లీ కాయగా మారేది. ఇప్పుడది ప్రతి ఐదో తారీకున ఖాతాలోంచి వెళ్లిపోతూ వచ్చింది. దీపావళి నాటికి చిల్లరగా కొనేవాళ్లకి కారం చాల్లేదు. వాళ్లు ఒకరొకరే వేరే మిల్లులకి వెళ్లారు.

జనవరిలో కొత్త పంట దిగగానే ధర పడిపోయింది. పచ్చళ్ల కంపెనీ కొత్త ధరకిస్తేనే తీసుకుంటామంది. కోల్డ్ స్టోరేజీలో ఇంకా పద్దెనిమిది క్వింటాళ్లుంది. కంపెనీ డబ్బు అరవై రోజులకి గానీ రాదు, అందుకే వాయిదా కోసం దాన్ని బయట పదకొండు వేల చొప్పున తెగనమ్మింది.

మార్చిలో మా ఆఫీసుకొచ్చింది. "తమ్ముడూ, ఈ ఏడు కాయ నీళ్లలా వచ్చి పడతంది. ఇప్పుడు కొనుక్కున్నోడే బాగుపడతాడు. పది వాయిదాలు కట్టాను కదా, దగ్గర దగ్గర మూడు లక్షలు. అది మళ్లీ ఇస్తారేమో అడుగు."

"ఇందులో కట్టింది కట్టినట్టేనక్కా. తిరిగి తీసుకునేది ఓడీలోనే." ఫోనులో స్టేటుమెంటు తెరిచి చూపించాను. కట్టిన దాంట్లో అసలుకి పోయింది లక్షా నలభై వేలు. మిగతాది వడ్డీ. ఇంకా పది లక్షల అరవై వేలు ఉంది.

ఆమె కొంగు సర్దుకుని, "మళ్లీ ఆ మేనేజరమ్మ దగ్గరికి పోదాం" అంది.

బిందుమాధవి గారు మంచినీళ్లు తెప్పించారు. అంతకుమించి ఆమె చేతిలో ఏమీ లేదు. "ఇంటి దస్తావేజులు వాళ్ల దగ్గరున్నాయమ్మా. అవి విడిపిస్తేగానీ నేను లిమిట్ పెట్టలేను. విడిపించడానికి పదిన్నర లక్షలు పైన కావాలి. నేనివ్వగలిగేది ఐదారు. అదీ వ్యాపారం నడుస్తుంటేనే."

"అప్పుడే ఓడీ తీసుకునుంటే ధర పడేది కాదంటారా?"

"ధర పడేదే. మీకూ నష్టమొచ్చేది. కానీ చిన్న నష్టం. ఈ ఏడు చవకగా కొని పూడ్చుకునేవాళ్లు."

మే నాటికి రెండు వాయిదాలు తప్పాయి. రికవరీ వాళ్లు బుడేతో మాట్లాడిన తీరుకి ఆయన గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం మానేశాడు. ఆగస్టులో మిల్లు యంత్రాలు, మోటారుతో సహా దర్శి ఊరి అతనొకడు లక్షా ఎనభై వేలకి తీసుకెళ్లాడు. ఆ డబ్బు బకాయికీ, ఆ తర్వాతి నాలుగు నెలల వాయిదాలకీ సరిపోయింది. ఇప్పుడామె హైవే పక్క కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే పనికి వెళ్తోంది. ఆ కూలి సగం వాయిదాకి కూడా రాదు. మిగతాది చెల్లెలి దగ్గర అడుగుతోంది. చెల్లెలు ఎన్నాళ్లిస్తుందో తెలియదు. ఇంకా మూడేళ్లు పైనే ఉంది.

పోయిన నెల పని దిగి నేరుగా వచ్చింది. చేతులు మంట పుడుతున్నాయని కుర్చీ అంచు కూడా పట్టుకోలేదు. "ఆ జీఎస్టీ నంబరు తీసేయి తమ్ముడూ. వ్యాపారం లేకుండా ఊరికే నీతో సున్నా రిటర్నులు వేయించడం ఎందుకు" అంది.

రద్దు దరఖాస్తు తెరిచాను. కారణం అడిగిన చోట, వ్యాపారం మూసివేత అని ఎంచుకున్నాను.

"అక్కా, అప్పుడు అమ్మకాలు తక్కువ చూపించమంది నేనే" అన్నాను. దాదాపు రెండేళ్లుగా దాచుకున్న మాట.

"చూపించొద్దంటే నేనూ సంతోషపడ్డాగా" అందామె. తర్వాత, "నీ ఫీజెంత?" అని అడిగింది.

వద్దన్నాను. ఆమె వినలేదు. మూడు వంద నోట్లు బల్ల మీద పెట్టి, ఓటీపీ వచ్చేదాకా ఫోను నా ముందు పట్టుకుని నిలబడింది.