గేటు పెట్టుకున్న బొట్టు

ఆత్మకూరులో మాకు గ్రిల్స్, గేట్లు చేసే షెడ్డు ఉండేది. వెల్డింగ్ నాయన చేసేవాడు. తుప్పు గీకడం, రంగులు వేయడం ఒక పెద్దాయన పని. నాయన కంటే వయసులో పెద్దవాడు కాబట్టి నేను ఆయన్ని పెదనాయనా అని పిలిచేదాన్ని. అప్పటికే నాకు డిగ్రీ అయిపోయి, ఊళ్లో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతున్నాను. ఇనుముకు తడి, గాలి తగిలితే తుప్పు పడుతుందని ఏటా బోర్డు మీద రాసేదాన్ని గనక ఆ సంగతి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదని కాస్త పొగరు కూడా ఉండేది.

ఒక వేసవిలో ఉదయగిరి నుంచి రిటైరైన టీచరమ్మ ఒకావిడ కబురు చేసింది. కిందటి దసరాకు ముందు ఆమె పాత గేటు మా షెడ్డుకు వచ్చింది. పెదనాయన దాన్ని వైరు బ్రష్షుతో తెల్లగా మెరిసేదాకా గీకాడు. పండగ వెళ్లాక తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ కొట్టి, పైన సిల్వర్ పెయింట్ వేసి బిగించి వచ్చాడు. ఆ నవంబరు వానలు వెళ్లాయో లేదో తుప్పు మళ్లీ లేచిందట. సెలవులు కదా అని నేను కూడా నాయన వెంట బస్సెక్కాను.

గేటు చూస్తే వింతగా ఉంది. పై పట్టీ మీద మూడు, కింది పట్టీ మీద మూడు, గడియ దగ్గర ఒకటి, అన్నీ రూపాయి బిళ్లంత గుండ్రటి బొబ్బలు. మేకుతో గుచ్చితే రంగు పెచ్చు ఊడి గోధుమరంగు పొడి రాలింది. మిగతా గేటంతా బాగుంది. నీళ్లు నిలిచే మూలలు కూడా శుభ్రంగా ఉన్నాయి. టీచరమ్మ ప్రతి ఆదివారం చర్చికి వెళ్లే మనిషి.

"ఏందయ్యా, నేను బొట్టు పెట్టుకోను గానీ నా గేటు పెట్టుకుంటా ఉండాది" అంది ఆమె.

నాకు నవ్వొచ్చింది. నాయన నవ్వలేదు. షెడ్డుకు రాగానే అక్కడక్కడా వదిలేసి గీకావని పెదనాయనను తప్పుబట్టి, ఇక పనికి రావద్దన్నాడు. పెదనాయన చేతులు కడుక్కుని, టిఫిన్ క్యారియర్ తీసుకుని వెళ్లిపోయాడు. నాకు మనసు చివుక్కుమంది. పైగా నాయన మాట నిజమేనా అని అనుమానం. బద్ధకంగా గీకేవాడు మూలలు వదిలేస్తాడు, కళ్లెదుట ఉన్న నడిమధ్యలో వదులుతాడా? అదీ అంత గుండ్రంగా?

వారం తర్వాత షెడ్డుకు కొత్త డ్రిల్లింగ్ మిషన్ వచ్చింది. పూజకు ఎప్పటిలాగే నాయన నన్ను బొట్లు పెట్టమన్నాడు. అరచేతిలో పసుపు తడిపి పైన మూడు, కింద మూడు పెట్టి, స్విచ్చి దగ్గరికి వేలు పోనిస్తూ ఆగిపోయాను. ఆయుధపూజ రోజు షెడ్డులో ఉన్న ఇనుమంతటికీ, మాదైనా గిరాకీలదైనా, బొట్లు పెట్టేది నేనే. ఆ రోజు టీచరమ్మ గేటు గీకి ఉంది, రంగు పడలేదు.

ఒక పట్టీ ముక్కను తెల్లగా గీకి, సగానికి తడి పసుపు, కుంకుమ బొట్లు పెట్టి, మిగతా సగం ఊరికే వదిలేశాను. మర్నాడు తుడిస్తే ఊరికే వదిలిన సగం తెల్లగానే ఉంది. బొట్ల కింద ఎర్రటి తుప్పు మరకలు. గుడ్డతో ఎంత రుద్దినా పోలేదు. కనిపెట్టానన్న సంబరం ఒక్క నిమిషం, ఆ తర్వాతంతా సిగ్గే. ముక్క తీసుకెళ్లి నాయన ముందు పెట్టి, తప్పు నాదని చెప్పాను. ఆయన బొటనవేలితో ఆ మరకల్ని చాలాసేపు రుద్దాడు. తర్వాత చెప్పులేసుకుని నడువు అన్నాడు.

మేం వెళ్లేసరికి పెదనాయన తన ఇంటి అరుగు మీద పాత కత్తికి చింతపండు, ఉప్పు పట్టించి తుప్పు వదలగొడుతున్నాడు. మమ్మల్ని చూసినా పని ఆపలేదు. కత్తి కడిగి, తుడిచి, పొయ్యి సెగకు తడి ఆరనిచ్చి, ఆముదం రాశాడు. అప్పుడు నా చేతిలో ముక్క వైపు చూశాడు. ఆశ్చర్యపోలేదు.

"బొట్లు తుడిచేటప్పుడే చూసినా. కింద ఎర్రగా ఉండాది. బ్రష్ పెడదామంటే చెయ్యి రాలా. పూజ చేసిన బొట్టు గదా, అదీ పాప పెట్టింది."

ఆ రోజే ఎందుకు చెప్పలేదని నాయన అడిగాడు.

"చెప్పుంటే పాపని అనేవాడివి."

నాయన తల వంచుకుని, రేపు ముగ్గురం ఉదయగిరి పోవాలన్నాడు. తప్పయిందన్నా అని కూడా అన్నాడు. ఆయన నోట ఆ మాట నేను మొదటిసారి విన్నాను.

ఇక నుంచి బొట్లు రంగు ఆరాకే పెట్టాలని బస్సులో అనుకున్నాం. టీచరమ్మ ఇంటి ముందు పెదనాయన సంచి దించి, సాండ్ పేపరు, థిన్నరు గుడ్డ, రెడ్ ఆక్సైడ్ డబ్బా వరసగా పెట్టాడు. వైరు బ్రష్ మాత్రం నా చేతికిచ్చాడు.

"నువ్వు పెట్టినవి నువ్వే తియ్యి పాపా. నాకు ఇప్పటికీ చెయ్యి రాదు."