జాఫర్ జుమ్మా ఇంటర్వ్యూలు

చీరాల నుంచి వచ్చిన జాఫర్‌కు అబద్ధం చెప్పడం చేతకాదు. చేతకాని పనికి పూనుకునే ధైర్యం మాత్రం దండిగా ఉంది. తొంభై తొమ్మిదో సంవత్సరం చలికాలంలో, మెల్‌బోర్న్ నడిబొడ్డున ఒక బీమా కంపెనీలో ఉద్యోగం చేస్తూనే, మరో ఉద్యోగం కోసం గుట్టుగా వెతకడం మొదలుపెట్టాడు.

కారణం లేకపోలేదు. అతను కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో ప్రోగ్రామర్. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతో సరిపెట్టారు కాబట్టి, రెండువేలు రాగానే కంప్యూటర్లు దాన్ని పందొమ్మిది వందలనుకుంటాయని లోకమంతా హడలిపోతున్న రోజులవి. ఆ తేదీలు దిద్దడమే అతని పని. ఆఫీసులో అతనికి అల్లుడి మర్యాద జరుగుతోంది. అయితే జనవరి ఒకటి తెల్లారాక దిద్దడానికి ఏం మిగులుతుంది? పక్క వీధుల్లో ఇంటర్నెట్ కంపెనీలు వారానికొకటి పుట్టుకొస్తున్నాయి. ఈ ఏడు దాటేలోపు అందులో ఒకదానిలో దూరకపోతే, క్రాన్‌బర్న్‌లో కొన్న కొత్త ఇంట్లో కూర్చుని గోళ్లు గిల్లుకోవాలి. రాత్రిళ్లు, ఆ కంపెనీలు అడిగే జావా భాష పుస్తకం చదువుతూ అదే బెంగ.

అడ్డమల్లా మేనేజరు గ్లెన్. చెడ్డవాడైతే గొడవే లేకపోయేది. జాఫర్ చేరిన మొదటివారమే, "శుక్రవారం మధ్యాహ్నం మీకు ప్రార్థన ఉంటుందటగా, ఎంతసేపు కావాలంటే అంతసేపు వెళ్లిరా మేట్" అన్నాడు. అన్నవాడు ఊరుకున్నాడా? శుక్రవారం మధ్యాహ్నం ఎవరు మీటింగు పెట్టబోయినా, "ఆ టైములో జాఫర్ ఉండడు" అని వాళ్ల నోరు మూయించేవాడు.

శనివారం పేపర్లో ప్రకటన చూసి జాఫర్ ఒక ఏజెన్సీకి ఫోన్ చేశాడు. అక్కడ ట్రేసీ అనే అమ్మాయి. గొంతులో తేనె. కంపెనీలు నేరుగా మనుషులను వెతుక్కోవు, ఇలాంటి ఏజెంట్లే మనిషిని చూపించి కమిషన్ తీసుకుంటారు. ట్రేసీ అతని వివరాలన్నీ ఫ్యాక్స్ చేయించుకుంది. జావా ఎంత వచ్చని అడిగింది. మాటల మధ్యలో, "ఇప్పుడు మీ మేనేజరు ఎవరు, ఎలాంటివారు?" అంది. ఇంటికొచ్చిన చుట్టానికి చెప్పినట్టు జాఫర్ గ్లెన్ పేరు, హోదా, మంచితనం అన్నీ వర్ణించి చెప్పాడు. ఎందుకడిగిందో అప్పుడు అతని బుర్రకు తట్టలేదు.

ఇక ఇంటర్వ్యూలు. అవి ఆఫీసు వేళల్లోనే ఉంటాయి. ఎన్నిసార్లని పళ్ల డాక్టరు పేరు చెబుతాడు? ఇంకో రెండుసార్లు చెబితే నోట్లో పళ్లే లేవని నిరూపించుకోవాలి. అప్పుడొచ్చింది పాపిష్టి ఆలోచన. ఎవరూ అడగని సమయం తన దగ్గర వారానికొకటి ఉంది. "శుక్రవారం ఒంటిగంటకైతే వస్తాను" అని ట్రేసీకి చెప్పాడు. ఆఫీసులో అందరూ స్వెటర్లలో తిరుగుతారు కాబట్టి టై కట్టుకుంటే పట్టుబడతాడు. అందుకని నమాజు టోపీ పెట్టుకెళ్లే సంచీలోనే, టోపీ కింద టై మడిచిపెట్టి, ట్రామ్‌లో కట్టుకునేవాడు.

భార్య ఫహ్మీదాకు సంగతి తెలిసి చెంపలు వాయించినంత పనిచేసింది.

"ఏవండీ, జుమ్మా అని చెప్పి ఇంటర్వ్యూకి వెళ్తారా? బాస్‌కి అబద్ధం, అల్లాకి ఎగనామం. రెండూ ఒకే ట్రిప్‌లోనా?"

"సెలెక్ట్ అయ్యాక అన్ని జుమ్మాలూ పద్ధతిగా చదువుతా ఫహ్మీ."

"ఈలోపు ఆయన రిజెక్ట్ చేస్తే?"

ఈ ఆయన గ్లెన్ కాదని జాఫర్‌కు అర్థమైంది.

రహస్యం మోసేవాడికి పని మీద ధ్యాస ఎక్కడుంటుంది? బల్ల మీద ఫోన్ మోగితే ట్రేసీయేమోనని ఎగిరిపడేవాడు. అవతలివాళ్లు ఏం అడిగినా "తర్వాత చేస్తానండి" అని పెట్టేసేవాడు. ఆ పరధ్యానంలో ఒక ఘనకార్యం చేశాడు. ముప్పైకి లోపున్న అంకె కనిపిస్తే దాన్ని రెండువేలలోకి తోసెయ్యాలన్నది పాలసీ రెన్యువల్ తేదీలకు పెట్టిన రూలు. దాన్ని తీసుకెళ్లి పుట్టినతేదీలకు తగిలించాడు. ఇరవై ఎనిమిదిలో పుట్టిన బామ్మలందరూ రెండువేల ఇరవై ఎనిమిదిలో పుట్టబోతున్నారని టెస్ట్ రన్ తేల్చింది. అదృష్టం బాగుండి ఆ తేదీలతో కస్టమర్లకు ఉత్తరాలు పోలేదు.

గ్లెన్ తిట్టలేదు. తనే కూర్చుని సరిచేశాడు. "నువ్వు బాగా అలసిపోయావు మేట్. ఈ పూట ఇంటికెళ్లి పడుకో" అన్నాడు. తిట్టి ఉంటే జాఫర్ హాయిగా నిద్రపోయేవాడు. ఆ మంచిమాట మాత్రం ముల్లులా దిగింది. సోమవారం ఫహ్మీదాతో బిర్యానీ చేయించి ఆఫీసంతటికీ పంచాడు. గ్లెన్ రెండుసార్లు వడ్డించుకుని, "పండగేమిటి?" అని అడిగాడు. జాఫర్ అతని పళ్లెంలో ఇంకో గరిటె వేశాడు.

ఇంతలో ఒక ఇంటర్నెట్ కంపెనీ చివరి రౌండుకు పిలిచింది. సెయింట్ కిల్డా రోడ్డులో, శుక్రవారం ఒంటిగంటకు. డైరెక్టరే మాట్లాడతాడు, ఉద్యోగం చేతికొచ్చినట్టేనంది ట్రేసీ.

ఆ శుక్రవారం కుండపోత వాన. ట్రామ్‌లు సమ్మెలో ఉన్నాయి. టాక్సీ కోసం జాఫర్ సంచీ చంకన పెట్టుకుని లిఫ్ట్ దగ్గరికి పరిగెత్తాడు. వెనకాలే గ్లెన్, కారు తాళాలు ఆడిస్తూ.

"ఈ వానలో ఎలా వెళ్తావు? నమాజు తప్పకూడదుగా. నేను దింపుతా పద."

వద్దనడానికి జాఫర్ నోరు తెరిచాడు. ఏం చెప్పి వద్దంటాడు? కారు ఎక్కాడు. ఇంటర్వ్యూ దక్షిణాన ఉంటే కారు ఉత్తరాన మసీదు వైపు పోతోంది. వైపర్లు అటూ ఇటూ ఊగుతుంటే తన ఉద్యోగాన్నే తుడిచేస్తున్నట్టుంది.

మసీదు గేటు దగ్గర గొడుగుతో నిలబడ్డ హైదరాబాదు ఇమాద్, కారు దిగుతున్న జాఫర్‌ను చూసి వాటేసుకున్నాడు. గ్లెన్ కూడా ఉన్నాడని మర్యాదకు ఇంగ్లీషులోనే పలకరించాడు. "ఎక్కడికి పోయావు బ్రదర్? ఎన్నో వారాలైంది జుమ్మాకు రాక. ఇండియా వెళ్లావా?"

జాఫర్ వెనక్కి తిరిగి చూడలేదు. గ్లెన్ మాత్రం, "నేను ఇక్కడే ఉంటా, కానిచ్చుకుని రా" అన్నాడు. జాఫర్ లోపలికెళ్లి నమాజు చేశాడు. ఉద్యోగం ఇప్పించమని అడగడానికి మొహం చెల్లలేదు. బయట కారులో కూర్చున్న మనిషి ముందు తలెత్తుకునే బలం ఇమ్మని మాత్రం అడిగాడు.

తిరిగొచ్చి కూర్చోగానే మొత్తం కక్కేశాడు. ఏజెన్సీ, టై, జుమ్మాలు, ఈరోజు ఒంటిగంట, అన్నీ.

గ్లెన్ వైపర్లు ఆపాడు.

"నాకు రెండు వారాలుగా తెలుసు. ట్రేసీ అని ఒకామె ఫోన్ చేసి, మీ టీములో కోబాల్ ఖాళీ రాబోతోందటగా, మనిషిని పంపనా అంది. నాకు తెలియని ఖాళీ ఎవరిదా అని చుట్టూ చూశాను. ఫోన్ మోగినప్పుడల్లా ఎగిరిపడేవాడివి నువ్వొక్కడివే."

జాఫర్‌కు తల కొట్టేసినట్టయింది. ట్రేసీకి గ్లెన్ పేరు తనే చెప్పాడు. పోయేవాడి కుర్చీలోకి ఇంకొకణ్ణి అమ్ముకుని రెండో కమిషన్ కొట్టేద్దామనుకుంది ఆ మహాతల్లి.

"మరి నన్నెందుకు అడగలేదు?"

"జనవరి తర్వాత నీకు ఏం పని చూపించాలో నాకే తెలీదు. అది చెప్పలేక నేనూ నీకు మొహం చాటేస్తున్నా. ఆ ఇంటర్వ్యూ కంపెనీ నంబరు ఇవ్వు."

జాఫర్ ఇచ్చాడు. గ్లెన్ మొబైల్ తీశాడు. "నేను జాఫర్ మేనేజర్ని. అతను రాలేకపోవడం నా తప్పే, నేనే ఇంకోచోటికి తీసుకొచ్చాను. అవును, అతని గురించి ఏం కావాలన్నా నన్ను అడగండి." అవతలివాళ్లు అడిగినదానికల్లా ఓపిగ్గా జవాబిచ్చాడు. బామ్మల ఊసు ఎత్తలేదు.

తర్వాత అవతలి గొంతు ఏదో తేదీ అంది. గ్లెన్ ఠక్కున అడ్డం తగిలాడు.

"శుక్రవారం వద్దు. ఆ టైముకి అతను మసీదులో ఉంటాడు. సోమవారం పెట్టండి, నేను పంపిస్తాను."

జాఫర్ కిటికీ వైపు తిరిగి ఏడ్చాడు. గ్లెన్ ఫోన్ జేబులో పెట్టుకుని కారు ఆఫీసు వైపు తిప్పాడు.